వడ్డీ లెక్క అడిగే ఉత్తరం

ఆదాయపు పన్ను రిటర్ను వేసే ముందు బ్యాంకు నుంచి తెచ్చుకోవలసిన కాగితాలు రెండు. ఒకటి ఖాతా స్టేట్‌మెంటు, రెండోది వడ్డీ ధ్రువపత్రం. పేర్లు వేరైనా రెండిట్లోనూ ఉండేది ఒకటే లెక్క అనుకుని చాలామంది స్టేట్‌మెంటుతోనే సరిపెట్టుకుంటారు. పాస్‌బుక్‌లో ఎంట్రీలు వేయించుకుని, అందులో వడ్డీ అని కనిపించిన అంకెలు కూడి ఆడిటరుకు ఇచ్చేస్తారు. పొరపాటు సరిగ్గా అక్కడే మొదలవుతుంది.

స్టేట్‌మెంటు ఒక ఖాతాలోకి వచ్చిన డబ్బుకూ, అందులోంచి పోయిన డబ్బుకూ లెక్క. ఆ ఖాతా గడప దాటి లోపలికి రాని రూపాయి అందులో ఉండదు. వడ్డీ ధ్రువపత్రం అలా కాదు. ఆ సంవత్సరంలో ఖాతాదారుకు బ్యాంకు ఎంత వడ్డీ లెక్కగట్టిందో అది చెబుతుంది. ఆ డబ్బు చేతికి వచ్చినా, ఫిక్స్‌డ్ డిపాజిట్‌లోనే పేరుకుపోతున్నా లెక్కలోకి వస్తుంది. బ్యాంకు ఆదాయపు పన్ను శాఖకు తెలియజేసేది ఈ రెండో లెక్కనే.

తేడా ఎంత ఉంటుందో ఒక ఉదాహరణతో చూడవచ్చు. తెనాలిలో ఉండే 66 ఏళ్ల రిటైర్డ్ ఉపాధ్యాయినికి ఒకే బ్యాంకులో సేవింగ్స్ ఖాతా, రెండు ఫిక్స్‌డ్ డిపాజిట్లు ఉన్నాయనుకుందాం. మొదటి డిపాజిట్ 7,00,000 రూపాయలు, వడ్డీ 7 శాతం. మూడు నెలలకోసారి వడ్డీ సేవింగ్స్ ఖాతాలో పడుతుంది. రెండోది 8,00,000 రూపాయలు, అదే 7 శాతానికి ఐదేళ్ల గడువుతో 2025 ఏప్రిల్ 1న వేసినది. దీని వడ్డీ చేతికి రాదు. మూడు నెలలకోసారి అసలులో కలిసి, దాని మీద మళ్లీ వడ్డీ పెరుగుతూ, గడువు తీరాక ఒక్కసారే వస్తుంది. ఇళ్లలో ‘బాండు’ అని బీరువాలో దాచుకునే రసీదులు చాలావరకు ఈ రెండో రకానివే.

2025 ఏప్రిల్ 1 నుంచి 2026 మార్చి 31 వరకు మొదటి డిపాజిట్ మీద వడ్డీ మూడు నెలలకు 12,250 రూపాయల చొప్పున 49,000. రెండో దాని మీద చక్రవడ్డీతో కలిపి 57,487. రెండూ కలిస్తే 1,06,487 రూపాయలు. ఆ సంవత్సరానికి 60 ఏళ్లు దాటినవారి డిపాజిట్ల వడ్డీ ఒక బ్యాంకులో లక్ష రూపాయలు మించితే బ్యాంకు 10 శాతం పన్నును ముందే పట్టుకోవాలి. మిగతావారికి ఆ పరిమితి 50,000. ఇలా మూలంలోనే కోసుకునే పన్నునే టీడీఎస్ అంటారు. ఏడాది మొత్తం మీద వడ్డీ లక్ష దాటుతుందని బ్యాంకు కంప్యూటరు ముందే అంచనా కట్టి మొదటి మూడు నెలల నుంచే కోత పెట్టిందనుకుంటే, ఈవిడ సేవింగ్స్ ఖాతాలో పడేది ప్రతిసారీ 12,250 కాదు, 11,025. రెండో డిపాజిట్ మీద పన్ను ఆ డిపాజిట్‌లో పెరిగిన వడ్డీలోంచే పోతుంది. పైసలు పక్కన పెడితే మొత్తం టీడీఎస్ 10,649 రూపాయలు.

ఇప్పుడు పాస్‌బుక్‌లో ఏముంది? డిపాజిట్ వడ్డీగా నాలుగుసార్లు 11,025, అంటే 44,100. సేవింగ్స్ ఖాతా మీద వచ్చిన వడ్డీ నాలుగు విడతల్లో 3,250. మొత్తం 47,350. నిజంగా ఆమె రిటర్నులో చూపించవలసిన వడ్డీ 1,06,487కు 3,250 కలిపి 1,09,737. సగానికి పైగా వడ్డీ పాస్‌బుక్‌లో అసలు లేదు. ఉన్న వడ్డీలో కొంత, కోత తరవాత మిగిలినది. ఆమె తప్పు ఏమీ లేకుండానే లెక్క 62,387 రూపాయలు తక్కువ పడింది.

ఈ తేడా శాఖకు వెంటనే కనిపిస్తుంది. ప్రతి పాన్ మీదా బ్యాంకులు, మ్యూచువల్ ఫండ్లు, రిజిస్ట్రేషన్ ఆఫీసులు పంపిన సమాచారాన్ని శాఖ ఒకచోట చేర్చి చూపిస్తుంది. దాన్ని వార్షిక సమాచార నివేదిక అంటారు. వాడుకలో ఏఐఎస్. కట్టిన పన్నుల వివరం ఫారం 26ఏఎస్‌లో ఉంటుంది. ఈ ఉపాధ్యాయిని పేరు మీద అక్కడ డిపాజిట్ వడ్డీ 1,06,487, టీడీఎస్ 10,649 అని ఉంటే, రిటర్నులో 47,350 వేసి 10,649 వెనక్కి ఇమ్మంటే రెండు లెక్కలూ పొసగవు. రీఫండ్ ఆగుతుంది, వివరణ అడుగుతూ నోటీసు రావచ్చు. నిజానికి ఆమె కట్టవలసిన పన్నే లేకపోవచ్చు. ఏటా 5,40,000 పింఛను వస్తోందనుకుంటే, కొత్త పన్ను విధానంలో 75,000 ప్రామాణిక తగ్గింపు పోగా 4,65,000. దానికి వడ్డీ కలిపితే 5,74,737. ఆ విధానంలో 12 లక్షల లోపు ఇలాంటి ఆదాయానికి రిబేటు వల్ల పన్ను సున్నా. కోసుకున్న 10,649 రూపాయలూ ఆమెవే. వాటిని తిరిగి తెచ్చేది సరైన వడ్డీ లెక్క.

ఏఐఎస్‌లో అన్నీ ఉన్నప్పుడు బ్యాంకును అడగడం ఎందుకనే ప్రశ్న సహజమే. ఏఐఎస్‌లో ఉండేది బ్యాంకు పంపిన సమాచారం. బ్యాంకు తప్పు పంపితే అక్కడా తప్పే ఉంటుంది. పైగా అందులో చాలాసార్లు మొత్తం అంకె కనిపిస్తుంది గానీ ఏ డిపాజిట్ మీద ఎంత అనే వివరం చాలదు. దాన్ని సరిచూడడానికి పక్కన పెట్టుకోవలసినది బ్యాంకు ధ్రువపత్రమే. నెట్ బ్యాంకింగ్ ఉన్నవారు చాలా బ్యాంకుల్లో దీన్ని ఇంట్లోంచే దించుకోవచ్చు. ఆ సౌకర్యం లేనివారికీ, మధ్యలో మూసేసిన డిపాజిట్లు ఉన్నవారికీ, బ్యాంకు ముద్ర, సంతకం ఉన్న ప్రతి కావలసినవారికీ దారి ఉత్తరమే.

ఆ ఉత్తరం పొడవుగా ఉండనక్కర్లేదు. ఆ ఉపాధ్యాయిని రాయవలసింది ఇలా ఉంటుంది:

తెనాలి,
8 ఏప్రిల్ 2026.

గౌరవనీయులైన బ్రాంచి మేనేజరు గారికి,

విషయం: ఆదాయపు పన్ను రిటర్ను కోసం ఖాతా స్టేట్‌మెంటు, వడ్డీ ధ్రువపత్రం ఇప్పించవలసిందిగా విన్నపం.

అయ్యా,

మీ బ్రాంచిలో నాకు సేవింగ్స్ ఖాతా, ఫిక్స్‌డ్ డిపాజిట్లు ఉన్నాయి. నా కస్టమర్ ఐడీ, సేవింగ్స్ ఖాతా నంబరు, పాన్ ఈ ఉత్తరం చివర రాశాను.

1 ఏప్రిల్ 2025 నుంచి 31 మార్చి 2026 వరకు ఉన్న కాలానికి నా ఆదాయపు పన్ను రిటర్ను దాఖలు చేయవలసి ఉంది. దాని కోసం ఆ కాలానికి నా సేవింగ్స్ ఖాతా స్టేట్‌మెంటు ఇప్పించగలరు. నా కస్టమర్ ఐడీ కింద ఉన్న అన్ని ఖాతాల మీద అదే కాలానికి వడ్డీ ధ్రువపత్రం కూడా ఇప్పించగలరు. ఈ కాలంలో మూసివేసిన, రెన్యూవల్ చేసిన డిపాజిట్లను కూడా అందులో చేర్చగలరు.

ధ్రువపత్రంలో సేవింగ్స్ ఖాతా వడ్డీ, డిపాజిట్ల వడ్డీ విడివిడిగా చూపాలని కోరుతున్నాను. ప్రతి డిపాజిట్‌కూ నాకు చెల్లించిన వడ్డీ, చెల్లించకుండా డిపాజిట్‌లో జమ అయిన వడ్డీ, కోసిన టీడీఎస్ కనిపించాలి. వడ్డీని టీడీఎస్ కోయక ముందు మొత్తంగా చూపగలరు.

నాలుగో త్రైమాసికపు టీడీఎస్ రిటర్ను దాఖలైన తరవాత ఫారం 16ఏ కూడా ఇప్పించగలరు.

వీటిని బ్యాంకు ముద్ర, అధీకృత అధికారి సంతకంతో ఇప్పించవలసిందిగా కోరుతున్నాను. నిబంధనల ప్రకారం రుసుము ఉంటే నా సేవింగ్స్ ఖాతా నుంచి తీసుకోవచ్చు.

ఇట్లు,
భవదీయురాలు,
(సంతకం)
పేరు, చిరునామా, బ్యాంకులో నమోదైన ఫోన్ నంబరు, కస్టమర్ ఐడీ, సేవింగ్స్ ఖాతా నంబరు, పాన్
జతపరిచినది: పాన్ కార్డు నకలు

ఇందులో ప్రతి వాక్యం ఒక పొరపాటును అడ్డుకోవడానికి ఉంది. అన్నిటికంటే ముఖ్యమైనవి తేదీలు. ‘పోయిన ఏడాదిది ఇవ్వండి’ అని నోటితో అడిగితే కౌంటరులో ఉన్నవారు జనవరి నుంచి డిసెంబరు వరకూ తీసి ఇవ్వవచ్చు. ‘2025-26కి ఇవ్వండి’ అన్నా తికమకే. సంపాదించిన సంవత్సరాన్ని ఆర్థిక సంవత్సరం అనీ, దాని మీద పన్ను లెక్క తేల్చే మరుసటి సంవత్సరాన్ని మదింపు సంవత్సరం అనీ దశాబ్దాలుగా పిలుస్తున్నారు. 2025-26లో సంపాదించిన దానికి మదింపు సంవత్సరం 2026-27. ఆడిటరు ఒక పేరు చెబుతాడు, ఖాతాదారు ఇంకోటి అనుకుంటారు. దీనికి తోడు 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టం, అంటే 2025 నాటి చట్టం అమల్లోకి వచ్చి, ఈ రెండు పేర్లకు బదులు ‘పన్ను సంవత్సరం’ అనే ఒక్క మాట పెట్టింది. 2026 మార్చి 31 వరకు వచ్చిన ఆదాయానికి మాత్రం పాత 1961 చట్టమే. ఈ మారే కాలంలో పేర్లు వదిలేసి మొదటి తేదీ, చివరి తేదీ రాయడం ఎవరికీ సందేహం మిగల్చని పద్ధతి.

రెండోది కస్టమర్ ఐడీ. సేవింగ్స్ ఖాతాకు ఒక నంబరు, ప్రతి డిపాజిట్‌కూ వేరే నంబరు ఉంటాయి. ఉత్తరంలో సేవింగ్స్ నంబరు ఒక్కటే రాస్తే ధ్రువపత్రం కూడా దానికే రావచ్చు, 3,250 రూపాయలతో. కస్టమర్ ఐడీ ఖాతాదారుకు ఒకటే. దాని కింద ఆ బ్యాంకులోని అన్ని ఖాతాలూ, వేరే బ్రాంచిలో ఉన్నవి సహా, వరసగా కనిపిస్తాయి. టీడీఎస్ పరిమితిని కూడా బ్యాంకు ఇలాగే చూస్తుంది. ఒకప్పుడు బ్రాంచికి ఒక లెక్క ఉండేది. కోర్ బ్యాంకింగ్ ఉన్న బ్యాంకులకు 2015 జూన్ నుంచి బ్యాంకు మొత్తానికి ఒకే లెక్క. నాలుగు బ్రాంచిల్లో నాలుగు డిపాజిట్లు వేస్తే కోత తప్పుతుందన్న పాత నమ్మకం అప్పటితో పోయింది. పాత ఖాతాలున్న కొందరికి పొరపాటున రెండు ఐడీలు ఉంటాయి. అలాంటి అనుమానం ఉంటే పాన్ మీద వెతికి చూడమని ఉత్తరంలోనే అడగడం మంచిది.

మూసేసిన డిపాజిట్ల మాట ప్రత్యేకంగా రాయడానికి కారణముంది. ఆగస్టులో పెళ్లి ఖర్చుకు తీసేసిన డిపాజిట్ మార్చి నాటికి తెర మీద కనిపించే జాబితాలో ఉండదు. ఆ నాలుగు నెలల వడ్డీ మాత్రం ఆదాయమే. గడువుకు ముందే తీస్తే బ్యాంకు సాధారణంగా తక్కువ వడ్డీ రేటుతో లెక్క మళ్లీ కడుతుంది. అంతకు ముందు ఇచ్చిన వడ్డీ ఎక్కువైతే ఆ మేరకు అసలులోంచి తగ్గిస్తుంది. స్టేట్‌మెంటులో అసలూ వడ్డీ కలిసి ఒకే జమగా పడితే, ఎంత వడ్డీయో దాన్ని చూసి చెప్పడం ఎవరి తరమూ కాదు.

చెల్లించిన వడ్డీ, చెల్లించకుండా జమైన వడ్డీ అని రెండు మాటలు రాయడం వెనక ఇంకా పెద్ద విషయముంది. ఆమె ఎనిమిది లక్షల డిపాజిట్ ఐదేళ్లకు, టీడీఎస్ కోతలు పక్కన పెడితే, దాదాపు 11,31,800 రూపాయలవుతుంది. ‘డబ్బు చేతికి వచ్చినప్పుడే పన్ను’ అనుకుని ఐదేళ్లూ ఊరుకుంటే, 2030లో ఒక్క ఏడాదిలో 3,31,800 వడ్డీ చూపించాలి. వడ్డీని అందిన సంవత్సరంలో చూపే పద్ధతిని చట్టం అనుమతిస్తుంది, ఏటా అదే పద్ధతి పాటిస్తే. కానీ బ్యాంకు అలా ఆగదు. ఏ ఏటి వడ్డీ మీద ఆ ఏడే టీడీఎస్ కోసి శాఖకు చెబుతుంది. అప్పుడు కోసిన పన్నును ఐదేళ్లూ మోసుకుంటూ వెళ్లి చివర్లో వాడుకోవాలి. సామాన్యులకు అది పెద్ద తలనొప్పి. అందుకే చాలామంది ఏటా జమైన వడ్డీని ఆ ఏడే చూపిస్తారు. అదే సులువు కూడా. అయితే అలా చేసినవారికి 2030లో ఈ ఐదు ధ్రువపత్రాలూ కావాలి. ఆ ఏడు స్టేట్‌మెంటులో పదకొండు లక్షల పైచిలుకు ఒకేసారి జమవుతుంది. అందులో చాలా భాగం మీద ఎప్పుడో పన్ను లెక్క తేలిందని రుజువు చేసేవి అవే.

సేవింగ్స్ వడ్డీని విడిగా అడగడం కూడా ఊరికే కాదు. రిటర్ను ఫారంలో రెండిటికీ వేరువేరు గడులు ఉంటాయి. సేవింగ్స్ వడ్డీ మీద టీడీఎస్ ఉండదు కాబట్టి అది 26ఏఎస్‌లో కనిపించదు. పాత పన్ను విధానం ఎంచుకున్నవారికి ఈ విభజన డబ్బు రూపంలోనే తేడా తెస్తుంది. 60 ఏళ్ల లోపువారికి సేవింగ్స్ వడ్డీలో మాత్రమే 10,000 దాకా మినహాయింపు ఉంది. 60 దాటినవారికి రెండు రకాల వడ్డీ కలిపి 50,000 దాకా ఉంది. కొత్త విధానంలో ఈ రెండూ లేవు.

ఇక ‘వడ్డీ ధ్రువపత్రం’ అన్న మాటలోనే ఒక చిక్కుంది. బ్యాంకు ఖాతాదారుకు ఇచ్చిన వడ్డీకీ, ఖాతాదారు ఇంటి అప్పు మీద బ్యాంకుకు కట్టిన వడ్డీకీ బ్యాంకులో అదే పేరు వాడతారు. అదే బ్రాంచిలో ఇంటి అప్పు ఉన్నవారు ‘వడ్డీ సర్టిఫికెట్ ఇవ్వండి’ అంటే అప్పుది చేతికి వస్తుంది. మొదటిది ఆదాయం, రెండోది ఖర్చు. అప్పుది కూడా కావాలంటే ఉత్తరంలో మరో వాక్యంగా, అప్పు ఖాతా నంబరుతో, అసలు ఎంత తీరిందో వడ్డీ ఎంత కట్టారో విడగొట్టి చూపమని అడగాలి. జీతగాళ్లు డిసెంబరు, జనవరి నెలల్లో ఆఫీసులో ఇవ్వడానికి తీసుకునే ధ్రువపత్రం మార్చి దాకా వేసిన అంచనా. రిటర్నుకు ఏప్రిల్ తరవాత ఇచ్చే తుది ధ్రువపత్రమే తీసుకోవాలి.

ఉత్తరం ఎప్పుడు ఇవ్వాలనే దానికీ లెక్కుంది. మార్చి 31 ముగిశాక ఏప్రిల్ రెండో వారం నుంచి స్టేట్‌మెంటు, వడ్డీ ధ్రువపత్రం ఇవ్వడానికి బ్రాంచికి ఇబ్బంది ఉండదు. ఫారం 16ఏ మాత్రం అప్పుడు రాదు. జనవరి నుంచి మార్చి వరకు కోసిన టీడీఎస్ వివరాలను బ్యాంకు శాఖకు సమర్పించే గడువు మే 31. ఆ తరవాత పదిహేను రోజుల్లో, అంటే జూన్ 15 లోపు 16ఏ ఇవ్వాలి. వడ్డీ సమాచారం ఏఐఎస్‌లో పూర్తిగా చేరేది కూడా ఆ రోజుల్లోనే. ఏప్రిల్‌లోనే రిటర్ను వేసేస్తే సగం నిండిన ఏఐఎస్‌ను చూసి వేసినట్టవుతుంది. జులై చివరి వారం దాకా ఆగితే బ్రాంచిలో జనం, వెబ్‌సైటులో రద్దీ. ఉత్తరం ఏప్రిల్‌లో ఇచ్చి, అంకెలు జూన్ మూడో వారంలో సరిచూసుకోవడం నడిమి దారి.

ఉత్తరం తెలుగులో రాయవచ్చు. ఇంగ్లీషులోనే ఉండాలన్న నియమం లేదు. సంతకం మాత్రం ఖాతా తెరిచినప్పుడు బ్యాంకుకు ఇచ్చిన సంతకంతో సరిపోవాలి. వయసుతో చెయ్యి వణికి సంతకం మారినవారు స్వయంగా వెళ్లి, గుర్తింపు కార్డు చూపించి కొత్త సంతకం నమోదు చేయించుకోవడం మంచిది. మనవడినో పక్కింటివారినో పంపితే, ఫలానా వ్యక్తికి ఇవ్వమని అధికారమిస్తూ ఒక వాక్యం రాసి, వారి సంతకాన్ని కింద ధ్రువీకరించి, గుర్తింపు కార్డు నకలు జతచేయాలి. వేరొకరి ఖాతా వివరాలు అధికార పత్రం లేకుండా ఇవ్వకపోవడం బ్యాంకు చేసే ఇబ్బంది కాదు, ఖాతాదారుకు రక్షణ. ఈ పనికి ఏటీఎం కార్డు నంబరు, పిన్, ఓటీపీ ఎవరికీ అవసరం లేదు. అడిగారంటే ఆ అడిగినవారు బ్యాంకువారు కారు.

రెండు ప్రతులు తీసుకెళ్లి, ఒకటి ఇచ్చి, రెండో దాని మీద తేదీతో సహా ముట్టినట్టు ముద్ర వేయించుకోవాలి. స్టేట్‌మెంటు నకలుకు కొన్ని బ్యాంకులు రుసుము తీసుకుంటాయి. అది బ్యాంకు సర్వీసు చార్జీల పట్టికలో ఉంటుంది.

చేతికి వచ్చిన ధ్రువపత్రంలో మొదట చూడవలసింది పాన్. ఒక్క అక్షరం తేడా ఉన్నా కోసిన పన్ను ఆమె పేరు మీద 26ఏఎస్‌లో కనిపించదు. పాన్ అసలు నమోదు కాకపోతే కోత 10 శాతం కాదు, 20 శాతం. తరవాత వడ్డీని టీడీఎస్ తీయక ముందు రాశారో తీశాక రాశారో చూడాలి. పరీక్ష సులువే. ఏడు లక్షలకు 7 శాతం 49,000. ధ్రువపత్రంలో 44,100 ఉంటే అది కోత తరవాత మిగిలినది. చివరికి డిపాజిట్ల వడ్డీ మొత్తాన్ని, టీడీఎస్‌ను 26ఏఎస్‌తో కలిపి చూడాలి. 1,06,487కు 10 శాతం 10,649. ఒకటి రెండు రూపాయల తేడా పూర్ణాంకాలకు సర్దడం వల్ల వచ్చేదే. వేలల్లో తేడా ఉంటే ఏదో ఒక డిపాజిట్ తప్పిపోయి ఉండాలి, లేదా ఒక త్రైమాసికపు టీడీఎస్ బ్యాంకు ఇంకా శాఖకు చూపించి ఉండకపోవాలి. బ్యాంకు దాఖలు చేసిన దానిలోనే తప్పుంటే ఆ దాఖలును సవరించమని బ్యాంకునే రాతపూర్వకంగా అడగాలి. కోసిన పన్నును శాఖకు కట్టాక బ్యాంకు చేతికి తిరిగి ఇవ్వలేదు. అది రిటర్ను ద్వారానే వస్తుంది. పన్ను పడే ఆదాయం లేని 60 దాటినవారు వచ్చే ఏడు కోతే లేకుండా చూసుకోవాలంటే ఏప్రిల్‌లోనే ఆ మేరకు బ్యాంకుకు ప్రకటన ఇవ్వాలి. దాన్ని అందరూ 15హెచ్ ఫారంగా ఎరుగుదురు.

జాయింటు ఖాతాల్లో మరో చిక్కు. భార్యాభర్తల పేర డిపాజిట్ ఉంటే బ్యాంకు వడ్డీ మొత్తాన్ని మొదటి పేరు ఉన్నవారి పాన్ మీదే చూపిస్తుంది. డబ్బు నిజంగా రెండోవారిదైతే పన్ను కూడా వారిదే. ఏఐఎస్‌లో ఆ అంకె ఎదురుగా ఇది వేరే పాన్‌కు చెందినదని తెలియజేసే వీలుంది. ధ్రువపత్రం మీద ఇద్దరి పేర్లూ వచ్చేలా అడగడం అప్పుడు పనికొస్తుంది. ఖాతాదారు మధ్యలో కాలం చేస్తే, చనిపోయిన తేదీ వరకు వచ్చిన వడ్డీ వారి పేర వేసే రిటర్నులోకి, ఆ తరవాతిది వారసుల ఆదాయంలోకి వెళ్తుంది. కాబట్టి వారసులు రాసే ఉత్తరంలో ఆ తేదీని హద్దుగా పెట్టి రెండు ధ్రువపత్రాలు అడగాలి. మరణ ధ్రువపత్రం నకలు, తమ సంబంధం తెలిపే కాగితం జతచేయాలి.

తెలుగు రాష్ట్రాల్లో ఈ మధ్య ఇంకో ఇబ్బంది ఎదురవుతోంది, బ్యాంకుల విలీనం. స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ 2017 ఏప్రిల్ 1న స్టేట్ బ్యాంకులో, ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిశాయి. ఆ రెండూ సరిగ్గా ఆర్థిక సంవత్సరం మొదటి రోజున జరిగాయి. ఆంధ్రప్రదేశ్‌లోని నాలుగు గ్రామీణ బ్యాంకులు ఒక్కటైనది మాత్రం 2025 మే 1న, అంటే సంవత్సరం మొదలై నెల గడిచాక. అలాంటి ఏడాదికి 26ఏఎస్‌లో పన్ను కోసినవారి పేర్లు రెండు కనిపించవచ్చు. ఉత్తరంలో పాత బ్యాంకు పేరు, పాత ఖాతా నంబరు కూడా రాసి, ఏప్రిల్ నెల వడ్డీ ధ్రువపత్రంలో చేరిందో లేదో చూసుకోవాలి.

ఉత్తరం ఇచ్చినా బ్రాంచి స్పందించకపోతే బ్యాంకు ఫిర్యాదుల విభాగానికి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. ముట్టినట్టు ముద్ర వేయించుకున్న రెండో ప్రతి ఇక్కడ అక్కరకొస్తుంది. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు సరిగా లేకపోయినా రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు cms.rbi.org.in లో ఉచితంగా ఫిర్యాదు చేయవచ్చు. 14448 నంబరుకు ఫోన్ చేస్తే ఎలా చేయాలో చెబుతారు.

ఈ కాగితాలేవీ రిటర్నుకు జతచేయనక్కర్లేదు. జతచేయడానికి అందులో చోటే లేదు. అడిగిన రోజున చూపించడానికి ఇంట్లో ఉండాలి. 2025-26 ఆదాయం మీద లెక్క మళ్లీ తెరవడానికి శాఖకు సాధారణంగా మదింపు సంవత్సరం ముగిశాక మూడేళ్ల మూడు నెలల గడువుంటుంది, అంటే 2030 జూన్ దాకా. ఆదాయం దాచిన మొత్తం పెద్దదైతే ఇంకా ఎక్కువ. ఆ ఉపాధ్యాయిని ఐదేళ్ల డిపాజిట్ గడువు తీరేదీ 2030లోనే. స్టేట్‌మెంటు, ధ్రువపత్రం, 16ఏ, ముద్ర పడిన ఉత్తరం నకలు, ఒక్కో సంవత్సరానివి ఒక్కో కవరులో పెట్టి ఆ బాండు పక్కనే బీరువాలో ఉంచితే వెతుక్కునే పని ఉండదు.